అదే పాలిష్ మిషన్, అదే రేటు: ఒక పుస్తకంలో నష్టం, ఇంకో పుస్తకంలో లాభం

తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో పాత మిషన్ ఇచ్చేసి కొత్తది దించుకోవడం మామూలే. బేతంచెర్ల వైపు నుంచో ఎర్రగుంట్ల వైపు నుంచో ఎవరో ఒకరు వచ్చి చూసి, రేటు మాట్లాడుకుని, విప్పుకుని లారీలో వేసుకుపోతారు. డబ్బు బ్యాంకులో పడుతుంది, ఓనర్ దృష్టిలో అక్కడితో కథ అయిపోయినట్టే. మార్చి అయ్యాక అకౌంట్స్ చేసేటప్పుడు మళ్లీ లేస్తుంది.

"అన్నా, ఆ మిషన్ మీద లక్షా ముప్పై ఏడు వేలు నష్టం వచ్చింది."

"నష్టమెక్కడిది? మూడేళ్లు వాడుకున్న మిషన్ అది, అయిదు డెబ్బైకి పోయిందంటే మంచి రేటే కదా. పక్క ఫ్యాక్టరీ వాళ్లు అట్లాంటిదే అమ్మితే వాళ్ల అకౌంటెంట్ లాభం చూపించినాడంట."

ఇద్దరు అకౌంటెంట్లూ తప్పు చేయలేదు. ఒకాయన స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో తరుగుదల రాస్తా వచ్చాడు, ఇంకొకాయన తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, అంటే అందరూ డబ్ల్యూడీవీ అనేదాంట్లో. అమ్మిన రోజు రెండు పుస్తకాల్లో మిషన్ విలువ రెండు రకాలుగా ఉంది కాబట్టి ఒకే అమ్మకం రేటు ఒకచోట నష్టంగా, ఒకచోట లాభంగా కనిపించింది. ఇదెలా జరుగుతుందో ఒక ఊహా లెక్క తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూస్తే గానీ సరిగ్గా పట్టుబడదు, అందుకే అన్నీ గుండు అంకెలు పెట్టుకుని చేద్దాం.

ముందు మిషన్ ఖరీదు తేలాలి. పాలిష్ మిషన్ బిల్లు 9,40,000, దాని మీద జీఎస్టీ వేరే. లారీ కిరాయి, ఫౌండేషన్ కాంక్రీట్, ఫిట్టింగ్ కూలీ అన్నీ కలిపి 60,000. జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్ కింద తీసేసుకుంటే అది మిషన్ ఖరీదులోకి రాదు, ఎందుకంటే ఆ డబ్బు కట్టాల్సిన పన్నులో తగ్గి తిరిగి వచ్చేస్తుంది. క్రెడిట్ కూడా తీసుకుని అదే జీఎస్టీని ఖరీదులో కలిపి దాని మీద తరుగుదల కూడా వేసుకుంటామంటే చట్టం ఒప్పుకోదు, రెండిట్లో ఒకటే. అయితే కిరాయి, ఫౌండేషన్, ఫిట్టింగ్ మాత్రం ఖరీదులోకి రావాల్సిందే, ఆ ఖర్చు పెట్టకపోతే మిషన్ తిరగదు కాబట్టి. వీటిని ఆ ఏడాది ఖర్చుల్లో రాసేస్తే మొదటి అడుగులోనే లెక్క తప్పుతుంది. అలా 10,00,000 అయ్యింది. 2021 జూలై 1న మిషన్ తిరగడం మొదలైంది. పదేళ్లు పనిచేస్తుందని, పదేళ్లకి ఇనుము కింద అమ్మితే 1,00,000 వస్తుందని అంచనా.

స్ట్రెయిట్ లైన్‌లో ఆలోచన చాలా సింపుల్. పది లక్షల్లో లక్ష చివర్లో తిరిగి వస్తుంది, మిగతా తొమ్మిది లక్షలు పదేళ్లలో అరిగిపోవాలి, అంటే ఏడాదికి 90,000, నెలకి 7,500. ఏ ఏడాదైనా ఇంతే. డబ్ల్యూడీవీలో ఒక శాతం పెట్టుకుని ప్రతి ఏడాదీ మొదట్లో పుస్తకంలో మిగిలిన విలువ మీద ఆ శాతం వేస్తారు. ఇక్కడ 20 శాతం తీసుకుందాం. ఈ 20 ఊరికే పెట్టింది కాదు, పది లక్షల మీద ఏటా 20 శాతం తగ్గించుకుంటూ పోతే పది నిండు ఏళ్లకి 1,07,374 మిగులుతుంది, అంటే స్ట్రెయిట్ లైన్‌లో అనుకున్న లక్షకి దగ్గరగానే వస్తుంది. సరిగ్గా లక్షే మిగలాలంటే 20.57 శాతం కావాలి. ఇది ముందే చూసుకోవడం ముఖ్యం, ఎందుకంటే చాలామంది స్ట్రెయిట్ లైన్‌లో 10 శాతం, డబ్ల్యూడీవీలో కూడా 10 శాతం పెట్టి రెండూ పోలుస్తారు. డబ్ల్యూడీవీలో 10 శాతం అంటే పదేళ్ల తర్వాత కూడా ఖరీదులో దాదాపు 35 శాతం పుస్తకంలోనే ఉండిపోతుంది, అలాంటి రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినా తెలిసేదేమీ ఉండదు.

ఇప్పుడు మిషన్‌ని 2024 సెప్టెంబర్ 30న 5,70,000కి అమ్మేశారు, జీఎస్టీ వేరేగా వసూలు చేసి కట్టారు, విప్పే ఖర్చూ లారీ ఖర్చూ కొన్నాయనే పెట్టుకున్నాడు. మధ్యవర్తికి కమీషన్ లాంటిది అమ్మినాయనే ఇచ్చుంటే అది అమ్మకం రేటులోంచి తీసేయాలి, జీఎస్టీ మాత్రం ఎప్పుడూ అమ్మకం రేటులో కలవకూడదు, అది ప్రభుత్వానికి పోయే డబ్బు. రెండు షెడ్యూళ్లూ ఇలా వస్తాయి.

| ఏడాది | నెలలు | స్ట్రెయిట్ లైన్ తరుగుదల | మిగిలిన విలువ | డబ్ల్యూడీవీ తరుగుదల | మిగిలిన విలువ |
|---|---|---|---|---|---|
| 2021-22 | 9 | 67,500 | 9,32,500 | 1,50,000 | 8,50,000 |
| 2022-23 | 12 | 90,000 | 8,42,500 | 1,70,000 | 6,80,000 |
| 2023-24 | 12 | 90,000 | 7,52,500 | 1,36,000 | 5,44,000 |
| 2024-25 | 6 | 45,000 | 7,07,500 | 54,400 | 4,89,600 |

ఇందులో డబ్ల్యూడీవీ రెండో ఏడాది తరుగుదల మొదటి ఏడాది కంటే ఎక్కువ ఉంది చూడండి, తగ్గుతూ పోవాల్సింది పెరిగిందేంటని కొందరు కంగారు పడి లెక్క మార్చేస్తారు. మొదటి ఏడాది తొమ్మిది నెలలే కాబట్టి లక్షన్నర, రెండో ఏడాది పన్నెండు నెలలు కాబట్టి 8,50,000 మీద 20 శాతం 1,70,000, అంతే, అక్కడ తప్పేమీ లేదు. తప్పు జరిగేది వేరే చోట. డబ్ల్యూడీవీ అని చెప్పి రెండో ఏడాది కూడా పది లక్షల మీదే 20 శాతం వేయడం ఒకటి, స్ట్రెయిట్ లైన్ అని చెప్పి మిగిలిన 9,32,500 మీద 9 శాతం వేయడం ఇంకొకటి. స్ట్రెయిట్ లైన్‌లో నిండు ఏడాదుల అంకె ఒక్కటే ఉండాలి, డబ్ల్యూడీవీలో నిండు ఏడాదుల మధ్య ప్రతి అంకె ముందుదాంట్లో సరిగ్గా 80 శాతం ఉండాలి. పైన 1,36,000ని 1,70,000తో భాగిస్తే 0.8 వస్తుంది. ఎంత పెద్ద షెడ్యూల్ అయినా ఈ ఒక్క చూపుతో సరిగ్గా ఉందో లేదో తెలిసిపోతుంది.

ఎక్సెల్‌లో చేసుకునేవాళ్లు ఏడాది మొదటి విలువ B గడిలో, వాడిన నెలలు C గడిలో పెట్టుకుంటే చాలు, మొదటిది డబ్ల్యూడీవీకి, రెండోది స్ట్రెయిట్ లైన్‌కి:

```
=ROUND(B2*20%*C2/12,0)
=ROUND((1000000-100000)/10*C2/12,0)
```

ఎక్సెల్‌లోనే ఉన్న `DB` ఫంక్షన్ వాడితే అంకె తేడా వస్తుంది, ఎందుకంటే అది మనమిచ్చిన శాతం తీసుకోదు, ఖరీదు, స్క్రాప్, ఏళ్లు చూసి తనే శాతం కట్టుకుని మూడు దశాంశాలకి గుండు చేస్తుంది. ఈ మిషన్‌కి 20.6 శాతం పెట్టుకుని మొదటి తొమ్మిది నెలలకి 1,54,500 చూపిస్తుంది. చేత్తో వేసిన షెడ్యూల్‌కీ దీనికీ టాలీ కాలేదని గంటలు వెతుక్కోవాల్సిన పన్లేదు, కారణం ఇదే.

ఇక అమ్మకం. స్ట్రెయిట్ లైన్ పుస్తకంలో సెప్టెంబర్ 30 నాటికి విలువ 7,07,500, వచ్చింది 5,70,000, కాబట్టి 1,37,500 నష్టం. డబ్ల్యూడీవీ పుస్తకంలో విలువ 4,89,600, వచ్చింది అదే 5,70,000, కాబట్టి 80,400 లాభం. ఓనర్ జేబులోకి రెండు చోట్లా ఒకే డబ్బు వచ్చింది.

రెండు పుస్తకాల్లోనూ మొత్తం కూడి చూస్తే అసలు విషయం బయటపడుతుంది. స్ట్రెయిట్ లైన్‌లో మూడేళ్ల మూడు నెలల తరుగుదల 2,92,500, దానికి అమ్మకం నష్టం 1,37,500 కలిపితే 4,30,000. డబ్ల్యూడీవీలో తరుగుదల 5,10,400, అందులోంచి అమ్మకం లాభం 80,400 తీసేస్తే అదీ 4,30,000. పది లక్షలు పెట్టి కొన్నది 5,70,000కి పోయింది, మధ్యలో తేడా 4,30,000, ఆ మిషన్ ఫ్యాక్టరీకి నిజంగా అయిన ఖర్చు అదే. ఏ పద్ధతి వాడినా దాన్ని పెంచలేరు తగ్గించలేరు, ఏ ఏడాదికి ఎంత పంచాలన్నదే తేడా. అందుకని అమ్మకం మీద లాభం అని రాసేది బేరం బాగా చేసినందుకు వచ్చిన లాభం కాదు, ఇన్నేళ్లూ తరుగుదల కాస్త ఎక్కువ రాసేశాం, ఆ ఎక్కువైనది ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాం అని అర్థం. నష్టం అంటే ఇన్నేళ్లూ తక్కువ రాశాం, ఆ బాకీ ఇప్పుడు ఒక్కసారిగా తీరుస్తున్నాం అని. స్ట్రెయిట్ లైన్ వాడిన ఓనర్‌కి ముందు మూడేళ్లు లాభం ఎక్కువ కనిపించింది, అది చూసుకుని ఇంట్లోకి డబ్బు వాడుకున్నాడంటే ఆ 1,37,500 అప్పుడే వాడేసుకున్నట్టు.

ఈ తేడా ఎప్పుడు అమ్మినా ఒకేలా ఉంటుందనుకుంటే పొరపాటు. నిండు ఏళ్ల లెక్కన చూస్తే మొదటి ఏడాది చివర్లో రెండు పుస్తకాల మధ్య తేడా 1,10,000, రెండో ఏడాది 1,80,000, మూడో ఏడాది 2,18,000, నాలుగో ఏడాది 2,30,400, అక్కడ కొండెక్కి అయిదో ఏడాది నుంచి దిగడం మొదలవుతుంది, పదో ఏడాదికి ఏడు వేల చిల్లరకి వచ్చేస్తుంది. కారణం ఏంటంటే నాలుగో ఏడాది దాకా డబ్ల్యూడీవీ తరుగుదల 90,000 కంటే ఎక్కువ ఉంటుంది, అయిదో ఏడాది 81,920కి పడిపోతుంది, అక్కడి నుంచి స్ట్రెయిట్ లైన్ పుస్తకమే వేగంగా తగ్గుతుంది. మన లెక్కలో అమ్మింది మూడేళ్ల మూడు నెలలకి, తేడా 2,17,900, అంటే దాదాపు కొండ మీదే. బండల ఫ్యాక్టరీలో మిషన్లు మార్చేది కూడా మూడో ఏడాదికీ అయిదో ఏడాదికీ మధ్యే అయితే, ఆ తాడిపత్రి ఓనర్లిద్దరి మధ్య వాదన వచ్చినట్టే ప్రతిసారీ వస్తుంది. పదేళ్లు వాడి ఇనుము కింద అమ్మేవాడికి ఏ పద్ధతి అయినా ఒకటే.

మరి అమ్మే ఏడాది ఆరు నెలల తరుగుదల ఎందుకు వేయాలి, ఎలాగూ మిషన్ పోతోంది కదా, మార్చి 31 నాటి విలువ నుంచే లాభనష్టం కట్టేస్తే పోలా అని చాలామంది అడుగుతారు. స్ట్రెయిట్ లైన్‌లో అలా చేస్తే 7,52,500 లోంచి 5,70,000 తీసి 1,82,500 నష్టం రాస్తారు. సరిగ్గా చేస్తే 45,000 తరుగుదల, 1,37,500 నష్టం, కలిపి అదే 1,82,500. ఏడాది చివరి నికర లాభం మారదు, నిజమే. కానీ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆ మిషన్ మీద బండలు పాలిష్ అయ్యాయి, అడుగుకి ఎంత ఖర్చు పడిందో కట్టేటప్పుడు ఆ 45,000 అందులో ఉండాలి, లేకపోతే ఆ ఆరు నెలల పాలిష్ ఉచితంగా అయినట్టు కనిపిస్తుంది. పైగా లోను కోసం బ్యాంకుకి ఇచ్చే పేపర్లలో రోజూ నడిచే వ్యాపారం లాభం వేరే, ఒక్కసారి జరిగే అమ్మకం లాభనష్టం వేరే చూస్తారు, 45,000 ఈ పక్క నుంచి ఆ పక్కకి మారితే ఆ లెక్క చెడుతుంది. పరీక్ష రాసే పిల్లలకైతే మార్కులు సరిగ్గా ఇక్కడే పోతాయి.

పుస్తకంలో రాసేది ఎలా అంటే, తరుగుదలని నేరుగా మెషినరీ ఖాతాలో తగ్గించుకుంటూ వచ్చే అలవాటుంటే ఆ ఖాతాలో మిగిలింది 7,07,500 కాబట్టి బ్యాంకు 5,70,000, నష్టం 1,37,500 రాసి మూసేయడమే. తరుగుదలకి వేరే ఖాతా పెట్టుకుని మెషినరీని ఎప్పుడూ పూర్తి ఖరీదుకే ఉంచేవాళ్లకి ఇంకొంచెం పని ఉంటుంది. ఒక అమ్మకం ఖాతా తెరిచి, దానికి డెబిట్‌గా మెషినరీ నుంచి 10,00,000 తేవాలి, క్రెడిట్‌గా పోగైన తరుగుదల ఖాతా నుంచి 2,92,500, బ్యాంకు నుంచి 5,70,000 తేవాలి, మిగిలిన 1,37,500 లాభనష్టాల ఖాతాకి పోతుంది. మూడూ కూడితే పది లక్షలు. ఎక్కువమంది మర్చిపోయేది ఆ 2,92,500. మిషన్ ఖరీదు తీసేసి పోగైన తరుగుదలని అలాగే వదిలేస్తే, లేని మిషన్ తాలూకు తరుగుదల ఏళ్ల తరబడి బ్యాలెన్స్ షీట్‌లో మిగిలిన మిషన్ల విలువని తగ్గించి చూపిస్తూనే ఉంటుంది.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది, చిన్న ఫ్యాక్టరీల్లో ఇది తరచుగా కనబడేదే. 5,70,000 బ్యాంకులో పడింది చూసి బండల అమ్మకాల్లో కలిపేస్తారు. అప్పుడు ఆ ఏడాది అమ్మకాలు ఉబ్బిపోతాయి, మిషన్ మాత్రం పుస్తకంలో అలాగే ఉంటుంది, దాని మీద ప్రతి మార్చికీ తరుగుదల పడుతూనే ఉంటుంది. ఇది పట్టుకోవాలంటే షెడ్యూల్‌లో ఉన్న మిషన్ల పేర్లు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి ఒక్కొక్కటి చూసుకోవాలి, అంతకంటే నమ్మకమైన దారి లేదు. షెడ్యూల్‌లో "మెషినరీ" అని ఒకే లైను ఉంటే ఆ పని కూడా కుదరదు, మిషన్‌కో లైను, కొన్న తేదీ, ఖరీదు, సీరియల్ నంబర్ ఉండాలి.

ఒక్కటే లైను ఉన్నప్పుడు వచ్చే చిక్కు చూడాలంటే ఇదే ఫ్యాక్టరీకి ఇంకో మిషన్ కలుపుదాం. 2022 ఏప్రిల్ 1న 6,00,000 పెట్టి కటింగ్ మిషన్ కొన్నారు, డబ్ల్యూడీవీ 20 శాతమే. రెండేళ్లకి అది 3,84,000కి వస్తుంది. 2024 ఏప్రిల్ 1న పాలిష్ మిషన్ 5,44,000, కటింగ్ మిషన్ 3,84,000, మెషినరీ ఖాతాలో మొత్తం 9,28,000. విడివిడిగా రాసుకోని వాళ్లు ఏం చేస్తారంటే, 9,28,000 లోంచి వచ్చిన 5,70,000 తీసేసి, మిగిలిన 3,58,000 మీద 20 శాతం 71,600 తరుగుదల వేసి, 2,86,400 మిగిలిందని రాస్తారు. లాభం లేదు నష్టం లేదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ ఇప్పుడు షెడ్డులో ఉన్నది ఒక్క కటింగ్ మిషనే, దాని విలువ 3,84,000 లోంచి 76,800 పోను 3,07,200 ఉండాలి. 20,800 తక్కువ చూపించారు. ఆ ఏడాది ఖర్చు కూడా సరిగ్గా చేస్తే 76,800, 54,400 కలిపి 80,400 లాభం తీసేయగా 50,800 రావాలి, వీళ్లు 71,600 రాశారు, అదే 20,800 తేడా.

ఈ తప్పు అంత ఎక్కువగా ఎందుకు జరుగుతుందంటే అది ఇన్‌కమ్ ట్యాక్స్ పద్ధతి కాబట్టి. ట్యాక్స్‌లో మిషన్‌కో లెక్క ఉండదు, ఒకే రేటు వర్తించే మిషన్లన్నీ ఒక బ్లాక్. మామూలు మెషినరీ బ్లాక్‌కి 15 శాతం, కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే, నెలల లెక్క అసలు లేదు. మన పాలిష్ మిషన్ 2021 జూలైలో మొదలైంది కాబట్టి మొదటి ఏడాదే పూర్తి 1,50,000 వచ్చింది, అలా మూడేళ్లకి బ్లాక్‌లో దాని వంతు 6,14,125. కటింగ్ మిషన్ వంతు 4,33,500. మొత్తం 10,47,625 లోంచి అమ్మిన 5,70,000 తీసేసి, మిగిలిన 4,77,625 మీద 15 శాతం, సుమారు 71,644 ఆ ఏడాది తరుగుదల. అమ్మిన మిషన్‌కి ఆరు నెలల తరుగుదల అని వేరే ఏమీ లేదు, లాభనష్టమూ లేదు, పుస్తకంలో లాభం చూపించిన ఆయన ట్యాక్స్ లెక్కలో ఆ 80,400 తీసేయాలి, నష్టం చూపించిన ఆయన 1,37,500 తిరిగి కలుపుకోవాలి, పుస్తకంలో రాసిన తరుగుదల కూడా ఇద్దరూ తిరిగి కలుపుకుని దాని బదులు ట్యాక్స్ తరుగుదల వేసుకుంటారు కాబట్టి ఇద్దరికీ ట్యాక్స్ ఒకటే పడుతుంది.

బ్లాక్‌లో ఆ పాలిష్ మిషన్ ఒక్కటే ఉండి, అది అమ్మేశాక మార్చి 31 నాటికి కొత్తది కొనకపోతే కథ మారుతుంది. బ్లాక్ ఖాళీ అయిపోయింది కాబట్టి ఆ ఏడాది తరుగుదల సున్నా, 6,14,125 లోంచి 5,70,000 పోగా 44,125 షార్ట్ టర్మ్ క్యాపిటల్ లాస్ అవుతుంది. అది వ్యాపార నష్టం కాదు, బండల మీద వచ్చిన లాభంలోంచి తీసేయడానికి లేదు, క్యాపిటల్ గెయిన్స్ ఏమైనా ఉంటేనే వాటితో సర్దుకోవాలి. అమ్మింది సెప్టెంబర్‌లో, కొత్త మిషన్ దించింది ఏప్రిల్‌లో అయితే ఇలా ఇరుక్కుంటారు, అదే కొత్తది మార్చిలోనే వచ్చి తిరగడం మొదలైతే బ్లాక్ ఖాళీ కాదు. అమ్మేముందు బ్లాక్‌లో ఏమేం మిగులుతాయో ఒకసారి చూసుకోవాల్సింది ఇందుకే.

అయితే పుస్తకాలకి ఏ పద్ధతి మంచిది? పాలిష్ మిషన్ లాంటిదానికి డబ్ల్యూడీవీ బాగా నప్పుతుందని చెప్పొచ్చు, కారణం రిపేర్లు. నీళ్లు, రాతి బురద మధ్య పొద్దస్తమానం తిరిగే మిషన్ కాబట్టి బేరింగులు, మోటార్లు ఏడాది ఏడాదికీ ఎక్కువ డబ్బు తింటాయి. (పాలిష్ రాళ్లు, బ్లేడ్లు వేరే సంగతి, అవి వాడకం సామాను, నేరుగా ఖర్చులోకి పోతాయి.) ఉదాహరణకి 2022-23లో రిపేర్లు 25,000, 2023-24లో 60,000 అయ్యాయనుకుంటే, స్ట్రెయిట్ లైన్‌లో తరుగుదల రిపేర్లు కలిపి 1,15,000 నుంచి 1,50,000కి ఎగబాకుతుంది, డబ్ల్యూడీవీలో 1,95,000, 1,96,000, దాదాపు సమంగా ఉంటుంది. మిషన్ రెండేళ్లూ ఒకే రకంగా పాలిష్ చేసి ఇచ్చినప్పుడు ఖర్చు కూడా ఒకే రకంగా పడటం సబబు. షెడ్డుకీ ప్రహరీ గోడకీ ఈ వాదన పనిచేయదు, అక్కడ స్ట్రెయిట్ లైనే సరిపోతుంది.

నష్టం కనబడింది కదా అని స్ట్రెయిట్ లైన్ నుంచి డబ్ల్యూడీవీకి మారదామనుకునే వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పాత పాఠ్యపుస్తకాల్లో పద్ధతి మార్చితే కొన్న రోజు నుంచి మళ్లీ లెక్కేసి తేడా అంతా ఒకేసారి రాసే లెక్కలుంటాయి, అది ఏఎస్-6 అనే పాత అకౌంటింగ్ స్టాండర్డ్ కాలం నాటిది. 2016లో సవరించిన ఏఎస్-10 వచ్చాక పద్ధతి మార్పుని అంచనా మార్పుగానే చూస్తారు, వెనక్కి పోకుండా ఆ రోజు మిగిలిన విలువ మీద ఇకముందు కొత్త పద్ధతి వేసుకుంటూ పోవడమే. అది కూడా మిషన్ వాడకం తీరు నిజంగా మారితేనే, ఈ ఏడాది లాభం కావాలి కాబట్టి మారుస్తామంటే కుదరదు.

ఆ స్టాండర్డే ఇంకో మాట కూడా అంటుంది, మిషన్ ఇంకెన్నేళ్లు వస్తుంది, చివర్లో ఎంత వస్తుంది అన్నది కనీసం ఏడాదికోసారి చూసుకోవాలని. అమ్మకం లాభనష్టం నిజంగా పనికొచ్చేది ఇక్కడే. మన మిషన్ మార్కెట్ రేటు రెండు పుస్తకాల మధ్యలో పడింది. ఏ శాతం వేసుంటే లాభమూ లేకుండా నష్టమూ లేకుండా సరిపోయేది? 16 శాతం పెట్టి చూడండి: తొమ్మిది నెలలకి 8,80,000, తర్వాత 7,39,200, తర్వాత 6,20,928, ఆరు నెలలకి 5,71,254. అమ్మింది 5,70,000కి, దాదాపు సరిగ్గా కుదిరింది. ఒక్క అమ్మకంతో రేటు మార్చేయడం తొందరపాటే, ఓనర్‌కి అర్జెంటుగా డబ్బు కావలసి వచ్చి తక్కువకి ఇచ్చుండొచ్చు, కొన్నాయనకి ఆర్డర్ చేతిలో ఉండి ఎక్కువ పెట్టుండొచ్చు. కానీ రెండు మూడు మిషన్లు అమ్మినా ప్రతిసారీ లాభమే వస్తుంటే 20 శాతం ఎక్కువని, షెడ్డులో మిగిలిన కటింగ్ మిషన్ కూడా 3,07,200 కంటే ఎక్కువే పలుకుతుందని అర్థం, వచ్చే మార్చిలో దాని రేటు అయినా చూసుకోవాలి.